రెండు ఆధారాలపై దూలం, మధ్యలో లేని బరువు: ఏ ఆధారంపై ఎంత పడుతుందో లెక్కించడం ఎలా?

రెండు గోడల మీద ఆనించిన దూలానికి సరిగ్గా మధ్యలో బరువు వేలాడితే చెరి సగం పడుతుందని అందరికీ తెలుసు. బరువు ఒక పక్కకు జరిగినప్పుడే చిక్కు మొదలవుతుంది. దగ్గరి గోడ మీద ఎక్కువ పడుతుందని ఊహించవచ్చు, కానీ ఎంత ఎక్కువ? దూలం సొంత బరువును ఎక్కడ చేర్చాలి? దూలం చివర ఆధారం దాటి బయటికి పొడుచుకొని ఉంటే లెక్క ఎలా మారుతుంది? ఇంటర్మీడియట్ విద్యార్థులు, డిప్లొమా విద్యార్థులు, వర్క్‌షాపుల్లో పనిచేసేవారు తరచూ అడిగే ప్రశ్నలివి. ఒకే ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా పట్టుకొని వీటికి జవాబు చెబుతాను.

ముందే ఒక మాట. ఆధారం దూలాన్ని పైకి నెట్టే బలాన్ని ప్రతిచర్య అంటాం. ఒక ప్రతిచర్యను కనుక్కొని, మొత్తం బరువు నుంచి దాన్ని తీసేసి రెండోది రాసుకోవడం చాలామందికి అలవాటు. ఆ దారిలో తప్పు దొర్లినా బయటపడదు. రెండు ప్రతిచర్యలను విడివిడిగా కనుక్కోండి, కూడికను సరిచూసుకోవడానికి మాత్రమే వాడండి. ఈ వ్యాసంలోని క్రమమంతా దీని చుట్టూనే ఉంటుంది.

## 1. మన ఉదాహరణ

ఒక చిన్న వర్క్‌షాపులో రెండు గోడల మీద ఉక్కు దూలం అడ్డంగా ఉంది. దానికి చైన్ బ్లాక్ తగిలించి మోటారును పైకి లేపుతున్నారు.

- దూలం పొడవు 6 మీటర్లు. మీటరుకు 20 కిలోల చొప్పున మొత్తం 120 కిలోలు. పొడవంతా ఒకే మందం, ఒకే ఆకారం.
- ఎడమ గోడ ఆధారం దూలం ఎడమ చివర నుంచి 0.5 మీటర్ల దూరంలో ఉంది.
- కుడి గోడ ఆధారం అదే ఎడమ చివర నుంచి 4.5 మీటర్ల దూరంలో ఉంది. అంటే కుడివైపు దూలం 1.5 మీటర్లు బయటికి పొడుచుకొని ఉంది.
- మోటారు, చైన్ బ్లాక్, కట్టిన గొలుసులు అన్నీ కలిపి 400 కిలోలు. అవి వేలాడే చోటు ఎడమ చివర నుంచి 1.5 మీటర్లు.

ఆధారాలను కావాలనే చివరల నుంచి అసమాన దూరాల్లో పెట్టాను. రెండు చివరల్లో ఆధారాలున్న లెక్కలో దూలం బరువు చెరి సగమైపోతుంది, అందువల్ల చాలా తప్పులు దాగిపోతాయి. ఈ అమరికలో దాగవు.

## 2. లెక్కకు ముందు సిద్ధం చేసుకోవలసినవి

కాగితం మీద లెక్క మొదలుపెట్టే ముందు ఈ వివరాలు చేతిలో ఉండాలి:

- [ ] దూలం మొత్తం పొడవు, మొత్తం ద్రవ్యరాశి
- [ ] దూలం పొడవంతా ఒకే రకంగా ఉందా, లేదా అన్న నిర్ధారణ
- [ ] రెండు ఆధారాల స్థానాలు, ఒకే చివర నుంచి కొలిచినవి
- [ ] బరువు వేలాడే స్థానం, అదే చివర నుంచి
- [ ] వేలాడే బరువులో చేరే అన్ని వస్తువుల మొత్తం

కొలతలన్నీ ఒకే చివర నుంచి తీయండి. టేపును ఎడమ చివర తగిలించి, దాన్ని కదపకుండా అన్ని స్థానాలనూ చదవడం మంచిది. ఒక్కో ముక్కను విడిగా కొలిచి కూడుకుంటూ పోతే చిన్న చిన్న తేడాలు పోగవుతాయి.

ఆధారం స్థానం అంటే గోడ లోపలి అంచా, బయటి అంచా, మధ్యా? దూలం గోడ మందమంతా పరుచుకొని ఆనితే, ప్రతిచర్య ఆ ఆనిన భాగం మధ్యలో పనిచేస్తుందని తీసుకోవడం మామూలు పద్ధతి. 230 మిల్లీమీటర్ల ఇటుక గోడ మీద పూర్తిగా ఆనిన దూలానికి ఆ బిందువు గోడ అంచు నుంచి 115 మిల్లీమీటర్ల లోపల ఉంటుంది. మన ఉదాహరణలోని 0.5, 4.5 మీటర్లు అలా మధ్యకు కొలిచినవే.

వేలాడే బరువు విషయంలో ఒక జాగ్రత్త. చైన్ బ్లాక్ సొంత బరువును చాలామంది మరిచిపోతారు. మనిషి చేతి గొలుసును కిందికి లాగుతున్నంతసేపూ ఆ లాగుడు కూడా దూలం మీదే పడుతుంది. చైన్ బ్లాక్‌లో అది పెద్దది కాదు. దూలానికి ఒక్క కప్పీ బిగించి, తాడు రెండో కొసను కింద నుంచి లాగి బరువు లేపితే మాత్రం సంగతి వేరు. అప్పుడు తాడు రెండు వైపులా కప్పీని కిందికి లాగుతుంది కాబట్టి, దూలం మీద పడేది బరువుకు దాదాపు రెండింతలు. లెక్కలో ఏ సంఖ్య వేయాలో తేల్చుకోవడానికి దూలాన్ని తాకుతున్నది ఏమిటో చూడండి, అది దూలాన్ని ఎంత బలంతో లాగుతోందో రాసుకోండి.

ఇక ప్రమాణాలు. కిలోలను 9.8తో గుణించి న్యూటన్లలోకి మార్చుకుందాం:

```
దూలం బరువు   W = 120 × 9.8 = 1176 న్యూటన్లు
వేలాడే బరువు  P = 400 × 9.8 = 3920 న్యూటన్లు
```

లెక్కంతా కిలోల్లోనే చేసి చివర 9.8తో గుణించినా అదే జవాబు వస్తుంది. ఒకటి కిలోల్లో, మరొకటి న్యూటన్లలో ఉంచి కలపకూడదు, అంతే.

## 3. బలాల పటం గీయండి

ఒక అడ్డగీత దూలం. దాని మీద నాలుగు బాణాలు:

1. ఎడమ ఆధారం దగ్గర పైకి R₁
2. కుడి ఆధారం దగ్గర పైకి R₂
3. దూలం మధ్యబిందువు దగ్గర కిందికి W
4. బరువు వేలాడే చోట కిందికి P

దూలం బరువు పొడవంతా పరుచుకొని ఉంటుంది కదా, ఒకే బాణంగా ఎలా గీస్తామన్న అనుమానం సహజం. దూలం ఏకరీతిగా ఉన్నప్పుడు దాని గరిమనాభి సరిగ్గా పొడవు మధ్యలో ఉంటుంది. ప్రతిచర్యలను కనుక్కునే లెక్కకు పరుచుకున్న బరువంతా అక్కడే పనిచేస్తున్నట్టు తీసుకోవచ్చు. అయితే దూలం ఎంత వంగుతుంది, లోపల ఎక్కడ ఎంత ఒత్తిడి ఉంది అన్న ప్రశ్నలకు ఈ మార్పిడి పనికిరాదు. అక్కడ బరువును పరుచుకున్నదిగానే ఉంచాలి.

ఇక్కడ మధ్య అంటే దూలం మధ్య. ఆధారాల మధ్య దూరానికి మధ్య కాదు. మన దూలానికి అది ఎడమ చివర నుంచి 3 మీటర్లు. రెండు ఆధారాలకు నడిమి బిందువు 2.5 మీటర్ల దగ్గర ఉంది. ఈ రెండూ ఒకటేనని అనుకోవడం నేను చూసే తప్పుల్లో అన్నిటికన్నా తరచైనది.

అడ్డంగా లాగే బలమేదీ లేదు కాబట్టి ఆధారాల దగ్గర అడ్డపు ప్రతిచర్యలు ఉండవు. గొలుసును ఏటవాలుగా లాగితే ఉంటాయి. ఆ లెక్క వేరు.

## 4. దూరాల పట్టిక: సమయం పెట్టవలసిన చోటు

ఈ లెక్కలో గుణకారాలు తేలిక. తప్పులన్నీ దూరాల్లోనే జరుగుతాయి. అందుకే సమీకరణం రాసే ముందు ఒక చిన్న పట్టిక వేసుకోండి. ప్రతి బలానికీ మూడు దూరాలు: చివర నుంచి, ఎడమ ఆధారం నుంచి, కుడి ఆధారం నుంచి.

| బలం | ఎడమ చివర నుంచి (మీ.) | ఎడమ ఆధారం నుంచి (మీ.) | కుడి ఆధారం నుంచి (మీ.) |
|---|---|---|---|
| R₁ | 0.5 | 0 | 4.0 |
| P | 1.5 | 1.0 | 3.0 |
| W | 3.0 | 2.5 | 1.5 |
| R₂ | 4.5 | 4.0 | 0 |

మొదటి నిలువు వరుస టేపు చెప్పినది. రెండో వరుస కోసం మొదటి దానిలోంచి 0.5 తీసేయండి. మూడో వరుస కోసం 4.5 లోంచి మొదటి దాన్ని తీసేయండి.

పట్టికను సరిచూసే దారి కూడా ఉంది. ఆధారాల మధ్య ఉన్న ప్రతి బలానికీ రెండో, మూడో వరుసలను కూడితే ఆధారాల మధ్య దూరం, అంటే ఇక్కడ 4 మీటర్లు రావాలి. P కి 1.0, 3.0 కలిపి 4. W కి 2.5, 1.5 కలిపి 4. రెండూ సరిపోయాయి. సరిపోకపోతే ముందుకు పోకండి.

## 5. ఎడమ ఆధారం చుట్టూ భ్రామకాలు: R₂ వస్తుంది

దూలం కదలకుండా ఉంది. కాబట్టి ఏ బిందువు చుట్టూ చూసినా దాన్ని సవ్య దిశలో తిప్పే భ్రామకాల మొత్తం, అపసవ్య దిశలో తిప్పే భ్రామకాల మొత్తానికి సమానం కావాలి. భ్రామకం అంటే బలాన్ని ఆ బిందువు నుంచి దాని లంబ దూరంతో గుణించగా వచ్చేది.

బిందువును మనం ఎంచుకోవచ్చు కాబట్టి, తెలియని బలాల్లో ఒకటి పనిచేసే చోటునే ఎంచుకుందాం. ఎడమ ఆధారాన్ని ఎంచుకుంటే R₁ దూరం సున్నా, దాని భ్రామకం కూడా సున్నా. సమీకరణంలో R₂ ఒక్కటే మిగులుతుంది.

ఎడమ ఆధారాన్ని ఇరుసుగా ఊహించుకోండి. P, W రెండూ దూలాన్ని దాని కుడివైపు కిందికి లాగుతున్నాయి, అంటే సవ్య దిశలో తిప్పుతున్నాయి. R₂ దాన్ని పైకి నెడుతోంది, అంటే అపసవ్య దిశ.

```
R₂ × 4.0 = P × 1.0 + W × 2.5
R₂ × 4.0 = 3920 × 1.0 + 1176 × 2.5
R₂ × 4.0 = 3920 + 2940 = 6860
R₂ = 6860 ÷ 4.0 = 1715 న్యూటన్లు
```

మధ్య వరుసల్లోని 3920, 2940, 6860 న్యూటన్-మీటర్లు. మీటర్లతో భాగించాకే న్యూటన్లు వస్తాయి.

## 6. కుడి ఆధారం చుట్టూ భ్రామకాలు: R₁ వస్తుంది

ఇక్కడ ఆగి P, W ల మొత్తం 5096 లోంచి 1715 తీసేద్దామనిపిస్తుంది. ఆ పని చేయకండి. ఇరుసును కుడి ఆధారానికి మార్చి, పట్టికలోని చివరి వరుసను వాడండి.

ఇప్పుడు P, W రెండూ ఇరుసుకు ఎడమవైపు ఉన్నాయి కాబట్టి దూలాన్ని అపసవ్య దిశలో తిప్పుతాయి. R₁ సవ్య దిశలో తిప్పుతుంది. దిశలు తారుమారైనా సమీకరణం ఆకారం మారలేదు.

```
R₁ × 4.0 = P × 3.0 + W × 1.5
R₁ × 4.0 = 3920 × 3.0 + 1176 × 1.5
R₁ × 4.0 = 11760 + 1764 = 13524
R₁ = 13524 ÷ 4.0 = 3381 న్యూటన్లు
```

కిలోల్లో చెప్పాలంటే ఎడమ గోడ మీద 345 కిలోల బరువు, కుడి గోడ మీద 175 కిలోల బరువు పడుతోంది.

## 7. సరిచూసుకోవడం

మొదటి పరీక్ష కూడిక. పైకి నెట్టే బలాల మొత్తం కిందికి లాగే బలాల మొత్తానికి సమానం కావాలి.

```
R₁ + R₂ = 3381 + 1715 = 5096
P + W   = 3920 + 1176 = 5096
```

రెండు ప్రతిచర్యలనూ విడిగా కనుక్కున్నాం కాబట్టి ఈ సరిపోలికకు విలువ ఉంది. ఒకదాన్ని తీసివేతతో రాసుకొని ఉంటే ఇది ఎప్పుడూ సరిపోతుంది, మనకు ఏమీ చెప్పదు.

రెండో పరీక్ష దూలం ఎడమ చివర చుట్టూ భ్రామకాలు. ఇందులో టేపుతో నేరుగా కొలిచిన దూరాలే వస్తాయి. పట్టికలో దూరాలను మార్చుకునేటప్పుడు పొరపాటు చేసి ఉంటే ఇక్కడ దొరికిపోతుంది.

```
పైకి:   3381 × 0.5 + 1715 × 4.5 = 1690.5 + 7717.5 = 9408
కిందికి: 3920 × 1.5 + 1176 × 3.0 = 5880 + 3528 = 9408
```

మూడోది విడదీసి చూడటం. ముందు దూలానికి బరువే లేదనుకోండి. P ఒక్కటే ఉంటే ఎడమ ఆధారానికి అందులో 4కి 3 వంతులు, అంటే 2940 న్యూటన్లు, కుడి ఆధారానికి 1 వంతు, 980 న్యూటన్లు వెళ్తాయి. తర్వాత P లేదనుకోండి. దూలం బరువు ఒక్కటే ఉంటే ఎడమకు 1176 × 1.5 ÷ 4 = 441, కుడికి 1176 × 2.5 ÷ 4 = 735. కలిపితే 3381, 1715. ఈ మూడో పద్ధతి నాకు ఇష్టమైనది, ఎందుకంటే ఏ గోడ మీద ఎంత ఎందుకు పడుతుందో ఇందులో కనిపిస్తుంది. ఎడమ ఆధారానికి వచ్చే వాటాను కుడి ఆధారం నుంచి ఉన్న దూరం నిర్ణయిస్తుంది, కుడి వాటాను ఎడమ నుంచి ఉన్న దూరం నిర్ణయిస్తుంది. బరువు ఎటు జరిగితే అటు ఆధారం మీద భారం పెరగడం అందువల్లే.

## 8. తరచూ జరిగే తప్పులు, వాటిని పట్టుకునే తీరు

దూరాలను చివర నుంచి కొలవడం. ఎడమ ఆధారం చుట్టూ భ్రామకాలు తీసుకుంటూ P, W దూరాలను మాత్రం ఎడమ చివర నుంచి, అంటే 1.5, 3.0 అని వేస్తారు. R₂ దూరాన్ని 4 అనే ఉంచుతారు. అప్పుడు R₂ = (5880 + 3528) ÷ 4 = 2352 వస్తుంది. తీసివేతతో R₁ = 2744. కూడితే 5096 చక్కగా సరిపోతుంది! కుడి గోడ మీద 637 న్యూటన్లు ఎక్కువ చూపించినా కూడిక ఏ అనుమానమూ కలిగించదు. ఎడమ చివర చుట్టూ భ్రామకాలు చూస్తే మాత్రం పైకి 11956, కిందికి 9408 వచ్చి తప్పు బయటపడుతుంది.

దూలం బరువును చెరి సగం పంచడం. P ని సరిగ్గా పంచి, దూలం బరువులో 588 న్యూటన్ల చొప్పున రెండు వైపులా కలుపుతారు. R₁ = 3528, R₂ = 1568. మొత్తం మళ్లీ 5096. రెండు సంఖ్యలూ నిజమైనవాటికి దగ్గరగా ఉన్నాయి కాబట్టి చూడగానే అనుమానం రాదు. ఎడమ చివర చుట్టూ పైకి వచ్చే భ్రామకం 8820 మాత్రమే. ఆధారాలు దూలం మధ్యబిందువుకు సమాన దూరంలో ఉన్నప్పుడే చెరి సగం చెల్లుతుంది.

దూలం బరువును వదిలేయడం. R₁ = 2940, R₂ = 980 వస్తాయి. మొత్తం 3920. వేలాడే బరువుతోనే పోల్చుకుంటే సరిపోయినట్టు కనిపిస్తుంది. పటంలో నాలుగు బాణాలు గీసి ఉంటే ఈ తప్పు జరగదు. ప్రశ్నలో దూలం తేలికైనదని స్పష్టంగా చెప్పినప్పుడే W ని వదలాలి.

వాటాలను తారుమారు చేయడం. బరువు ఎడమ ఆధారం నుంచి 1 మీటరు దూరంలో ఉంది కాబట్టి ఎడమ వాటా 4కి 1 వంతు అని రాస్తారు. జవాబు రాగానే పటం వైపు చూడండి. బరువు దగ్గరున్న ఆధారానికి తక్కువ వచ్చి ఉంటే వాటాలు తిరగబడ్డాయి.

భ్రామకాన్నే బలంగా రాయడం. 4తో భాగించడం మరిచిపోయి R₂ = 6860 అని ముగిస్తారు. కిందికి లాగే మొత్తమే 5096 న్యూటన్లు, అన్ని బరువులూ ఆధారాల మధ్యలోనే ఉన్నాయి. అలాంటప్పుడు ఏ ఒక్క ప్రతిచర్యా మొత్తం బరువును దాటదు.

## 9. బరువును ఆధారం దాటించి బయట వేలాడదీస్తే

మన దూలం కుడివైపు 1.5 మీటర్లు బయటికి ఉంది. అక్కడ బరువు తగిలిస్తే ఏమవుతుందో చూడటం అవసరం. ప్రమాదం ఉన్నది అక్కడే.

అదే 400 కిలోల బరువును కుడి కొసకు మార్చామనుకోండి. కుడి ఆధారం చుట్టూ చూస్తే P ఇప్పుడు ఇరుసుకు అవతలి పక్కకు వెళ్లింది. దూలాన్ని సవ్య దిశలో తిప్పుతోంది. కాబట్టి సమీకరణంలో R₁ పక్కన చేరుతుంది.

```
R₁ × 4.0 + P × 1.5 = W × 1.5
R₁ × 4.0 = 1764 − 5880 = −4116
R₁ = −1029 న్యూటన్లు
```

రుణ గుర్తు రాగానే లెక్క తప్పిందని కొట్టేయకండి. R₁ పైకి ఉంటుందని మనం ముందే అనుకున్నాం, సమతాస్థితికి అది కిందికి ఉండాలని జవాబు చెబుతోంది. అంటే ఎడమ గోడ దూలాన్ని 1029 న్యూటన్లతో కిందికి లాగి పట్టుకోవాలి. ఊరికే ఆనించిన గోడ నెట్టగలదు గానీ లాగలేదు. కాబట్టి బోల్టులతో బిగించి ఉంటే తప్ప దూలం ఎడమ కొస పైకి లేచి, మోటారు నేల మీద పడుతుంది.

కొస నుంచి ఎంత బరువు వరకు వేలాడదీయవచ్చు? R₁ సరిగ్గా సున్నా అయ్యే హద్దును కనుక్కుంటే చాలు:

```
P × 1.5 = 1176 × 1.5
P = 1176 న్యూటన్లు, అంటే 120 కిలోలు
```

మరి 400 కిలోల బరువుతో కుడి ఆధారం నుంచి ఎంత దూరం బయటికి వెళ్లవచ్చు?

```
3920 × x = 1764
x = 0.45 మీటర్లు
```

45 సెంటీమీటర్లు దాటితే దూలం తిరగబడుతుంది. ఇది కచ్చితమైన హద్దు, పనిచేయదగిన దూరం కాదు. బరువు కాస్త ఊగినా, గొలుసు ఒక్కసారి కుదిపినా ఆ హద్దు లోపలే ఎడమ కొస లేస్తుంది. ఊరికే ఆనించిన దూలమైతే బరువును ఆధారం దాటించకపోవడమే సరైన పని.

కుడి ఆధారం చుట్టూ సమీకరణం రాసేటప్పుడు గుర్తుంచుకోవలసింది ఒక్కటే: బలం ఇరుసుకు ఏ పక్కన ఉందో ప్రతిసారీ పటంలో చూడండి. ఆధారాల మధ్య ఉన్న బలానికి పనికొచ్చిన సమీకరణాన్ని కళ్లు మూసుకొని ఇక్కడ వాడితే R₁ ధనాత్మకంగా వచ్చి, తిరగబడే దూలం భద్రంగా ఉన్నట్టు చూపిస్తుంది.

## 10. బల్ల మీద సరిచూడటం

వంటింటి డిజిటల్ తూకాలు రెండు, మీటరు స్కేలు ఒకటి ఉంటే ఈ లెక్కను ఇంట్లోనే పరీక్షించవచ్చు. ప్రయోగశాలలో రెండు స్ప్రింగు త్రాసులకు స్కేలును వేలాడదీసి చేసేది కూడా ఇదే.

1. రెండు తూకాలను సమతలమైన బల్ల మీద పెట్టండి. ఒక్కోదాని మీద ఆరు పలకల పెన్సిలు ముక్క అడ్డంగా పెట్టండి. గుండ్రటి పెన్సిలు దొర్లుతుంది.
2. పెన్సిళ్లు మీద ఉండగానే రెండు తూకాలనూ సున్నాకు మార్చండి.
3. మీటరు స్కేలును విడిగా తూచి, ఒక పెన్సిలు మీద ఎక్కడ సమంగా నిలుస్తుందో చూడండి. 50 సెంటీమీటర్ల గీత దగ్గర నిలిస్తే అది ఏకరీతిగా ఉన్నట్టు. ఒక చివర రంధ్రం ఉన్న స్కేళ్లలో ఆ బిందువు కొంచెం జరుగుతుంది. అలా జరిగితే W ని ఆ బిందువు దగ్గరే వేయండి.
4. స్కేలును రెండు పెన్సిళ్ల మీద, అవి 10, 90 సెంటీమీటర్ల గీతల కిందికి వచ్చేలా ఉంచండి.
5. 30 సెంటీమీటర్ల గీత మీద 500 గ్రాముల తూకపు రాయి పెట్టండి. వెడల్పాటి సీసా వద్దు, దాని మధ్య ఎక్కడుందో చెప్పడం కష్టం.

స్కేలు బరువు 120 గ్రాములు అనుకుందాం. ఆధారాల మధ్య 80 సెంటీమీటర్లు. ఎడమ ఆధారం నుంచి రాయి 20, స్కేలు మధ్యబిందువు 40 సెంటీమీటర్లు.

```
కుడి తూకం: (500 × 20 + 120 × 40) ÷ 80 = 14800 ÷ 80 = 185 గ్రాములు
ఎడమ తూకం: (500 × 60 + 120 × 40) ÷ 80 = 34800 ÷ 80 = 435 గ్రాములు
```

కలిపితే 620, స్కేలు, రాయి బరువుల మొత్తం.

అంకెలు తేడాగా వస్తే తప్పు ఎక్కడుందో అవే చెబుతాయి. రెండు తూకాల మొత్తం 620 రాకపోతే బరువుల్లో లోపం ఉంది: పెన్సిళ్లతో సున్నా చేయలేదు, లేదా స్కేలు దేనికో తగులుతోంది. మొత్తం సరిగ్గా ఉండి, ఒకటి పెరిగి రెండోది అంతే తగ్గితే లోపం దూరాల్లో ఉంది. రాయి అర సెంటీమీటరు జరిగితే చాలు, రెండు తూకాల్లోనూ 3 గ్రాముల తేడా కనిపిస్తుంది.

## 11. ఈ లెక్క చెల్లని చోట్లు

దూలానికి మూడో ఆధారం ఉంటే ఈ పద్ధతి సరిపోదు. తెలియనివి మూడు అవుతాయి, నిలువు బలాల నుంచి మనకు వచ్చే స్వతంత్ర సమీకరణాలు రెండే. అప్పుడు దూలం ఎంత వంగుతుంది, ఏ ఆధారం ఎంత కుంగింది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి. రెండు ఆధారాలే ఉన్నప్పుడు ఒక గోడ కొద్దిగా కుంగినా ప్రతిచర్యలు చెప్పుకోదగ్గంతగా మారవు.

దూలం రెండు కొసలనూ కాంక్రీటులో కదలకుండా పాతిపెట్టినా ఇదే ఇబ్బంది. అక్కడ ఆధారం దూలాన్ని పైకి నెట్టడమే కాకుండా తిరగకుండా కూడా పట్టుకుంటుంది. అంటే ఆధారం దగ్గరే తెలియని భ్రామకం ఒకటి ఉంటుంది, దాన్ని సున్నా అనుకోవడానికి వీల్లేదు.

దూలం ఒక సగం లావుగా, మరో సగం సన్నగా ఉంటే మాత్రం పద్ధతి చెడదు. ఒక్కో భాగం బరువును దాని మధ్యలో వేరే బాణంగా గీసి, పట్టికలో మరో వరుస చేర్చితే చాలు. రెండో మోటారు వేలాడదీసినా అంతే.

చివరగా, 345 కిలోలు, 175 కిలోలు అన్నవి గోడల మీద పడే బరువులు మాత్రమే. ఆ గోడ అంత బరువును మోయగలదా, దూలం వంగకుండా ఉంటుందా, దూలం కింద ఆనుడు పలక ఎంత వెడల్పు ఉండాలి అన్నవి ఈ సంఖ్యలతో మొదలయ్యే వేరే లెక్కలు. నిజంగా మోటారు లేపబోతుంటే వాటిని స్ట్రక్చరల్ ఇంజనీరు చేత చేయించండి. ఆయనకు మీరు ఇవ్వవలసిన కాగితం మాత్రం నాలుగో అంశంలోని పట్టికే.